సిమ్ లేని ఫోన్‌లో 108 కాదు, 112 నొక్కండి

ఉక్కునగరంలో అర్ధరాత్రి ఇంట్లో పెద్దాయనకు గుండెనొప్పి వచ్చిందనుకుందాం. మీ ఫోన్‌లో బ్యాలెన్స్ లేదు. కాల్ వెళ్తుందా?

వెళ్తుంది. 112కు చేసే కాల్ ఉచితం, దానికి బ్యాలెన్స్‌తో పని లేదు. మీ కంపెనీ సిగ్నల్ అందకపోతే ఫోన్ వేరే కంపెనీ టవర్ ద్వారా ప్రయత్నిస్తుంది.

సిమ్ కూడా లేకపోతే? అప్పుడు ఏ నంబర్ నొక్కారన్నదే ముఖ్యం. అంతర్జాతీయ మొబైల్ ప్రమాణాల ప్రకారం ప్రతి ఫోన్ 112ను అత్యవసర నంబర్‌గా గుర్తిస్తుంది. ఆ ప్రమాణాల జాబితాలో 108 లేదు. కాబట్టి సిమ్ లేని ఫోన్ దాన్ని మామూలు నంబర్‌గానే చూసి, కాల్ పంపకపోవచ్చు. అంబులెన్స్ కావాలన్నా 112కే చేసి, ఆ మాట చెప్పండి.

ముందు స్క్రీన్ చూడండి. Emergency calls only అని ఉంటే దగ్గర్లో ఏదో ఒక టవర్ అందుతున్నట్టు. No service అని ఉంటే బాల్కనీలోకో మేడ మీదికో వెళ్లండి.

టవర్ అందినా, సిమ్ లేని కాల్‌ను నెట్‌వర్క్ తిరస్కరించే వీలుంది. ఆకతాయి కాల్స్ పెరిగాయని జర్మనీ 2009లో ఇలాంటి కాల్స్‌ను ఆపేసింది. ఒకటి రెండు ప్రయత్నాల్లో కలవకపోతే ఆగకుండా పక్కింటివాళ్ల ఫోన్ అడగండి.

కాల్ కలిస్తే మొదట అడ్రస్ చెప్పండి: ఉక్కునగరం, సెక్టార్, క్వార్టర్ నంబర్, దగ్గరి గుర్తు. సిమ్ లేని ఫోన్‌కు నంబరే ఉండదు. మధ్యలో తెగిపోతే వాళ్లు మీకు తిరిగి ఫోన్ చేయలేరు.