మారిషస్ తెలుగు వారికి ఓ.సి.ఐ. కార్డు - వంశక్రమ నిరూపణ విధానం

(ప్రత్యేక వ్యాసం)

పందొమ్మిదవ శతాబ్దంలో కోరంగి, విశాఖపట్నం, మద్రాసు రేవుల నుండి ఒప్పంద కూలీలుగా మారిషస్ చేరిన తెలుగు వారి సంతతి, భారతదేశంలో దీర్ఘకాలం నివసించే హక్కును ఓ.సి.ఐ. కార్డు ద్వారా పొందవచ్చును. సాధారణ నిబంధన ప్రకారం ఈ అర్హత భారత పౌరుని ముని మనుమల వరకే పరిమితము. మారిషస్‌లోని భారత సంతతికి ఏడవ తరం వరకు ప్రత్యేక వెసులుబాటు కల్పిస్తున్నట్లు 2024 మార్చిలో రాష్ట్రపతి ఆ దేశ పర్యటన సందర్భంగా ప్రకటించారు.

పూర్వీకుల గ్రామానికి వచ్చి ధృవపత్రం కోరేవారికి తరచు నిరాశే ఎదురవుతుంది. 1850 ప్రాంతంలో మన గ్రామాలలో జనన రిజిస్టర్లు లేవు. కావలసిన ఆధారం మారిషస్‌లోనే ఉన్నది. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రపరచిన వలస రిజిస్టర్లలో ప్రతి కూలీకి ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, ఓడ వివరాలు నమోదై ఉన్నాయి.

ఉదాహరణకు 1984లో జన్మించిన దరఖాస్తుదారు, 1850 దశకంలో వచ్చిన కూలీకి ఆరవ తరం వారనుకుందాము. ముందుగా తమ జనన ధృవపత్రంతో ప్రారంభించి, 1955, 1926, 1897, 1868లలో జన్మించిన పూర్వీకుల జనన పత్రాలను పౌర నమోదు కార్యాలయం నుండి వరుసగా పొందవలెను. ప్రతి పత్రంలోని తల్లిదండ్రుల పేర్లు తదుపరి పత్రానికి దారి చూపుతాయి. 1868 నాటి పత్రంలో తండ్రి పేరు ప్రక్కన వలస సంఖ్య ఉన్నచో, దాని ఆధారంగా వలస రిజిస్టరు నుండి ధృవీకృత నకలు లభిస్తుంది. అక్కడితో గొలుసు పూర్తవుతుంది.

సాధారణంగా రెండు చోట్ల ఈ గొలుసు తెగుతుంది. మొదటిది పేరు. మారిషస్‌లో కూలీ స్వంత పేరే కాలక్రమేణా ఇంటి పేరుగా మారింది. ఫ్రెంచి, ఆంగ్ల గుమాస్తాలు విన్నట్లు వ్రాసినందున అప్పన్న అనే పేరు నాలుగు విధాలుగా కనిపించవచ్చును. ఒకే పేరు గలవారు అనేకులు ఉన్నందున పేరు కలిసినంత మాత్రాన సరిపోదు. వలస సంఖ్య, తండ్రి పేరు కలిసిననే ఆ వ్యక్తిగా భావించవలెను. అక్షర భేదాలకు ప్రమాణ పత్రం జతపరచవలెను.

రెండవది వివాహం. హిందూ సంప్రదాయం ప్రకారం జరిగి పౌర నమోదు కాని వివాహాలలో పిల్లలు తల్లి పేరునే నమోదైన సందర్భాలు కలవు. అట్టివారు తల్లి వైపు వంశాన్ని అనుసరించవచ్చును. వంశక్రమం తల్లి ద్వారా నిరూపించినను చెల్లుతుంది.

పత్రాలన్నీ సమకూరిన పిదప ociservices.gov.in వెబ్‌సైటులో దరఖాస్తు నింపి, పోర్ట్ లూయిస్‌లోని భారత హైకమిషన్‌కు సమర్పించవలెను. ఓ.సి.ఐ. కార్డు పౌరసత్వం కాదు. దీనితో ఓటు హక్కు గాని, వ్యవసాయ భూమిని కొనుగోలు చేసే హక్కు గాని లభించదు.