మార్జిన్
ఒక పచ్చళ్ల వ్యాపార ప్రణాళికలో ‘భద్రతా మార్జిన్ 40 శాతం’ అని రాసి ఉంది. సీసా ధర 200 రూపాయలు, సరుకు, ప్యాకింగ్ ఖర్చు 120. మిగిలే 80 రూపాయలే ఆ 40 శాతం. కానీ అది ఒక్కో సీసాపై మిగులే, భద్రతా మార్జిన్ కాదు. లాటిన్‌లో ‘మార్గో’ అంటే అంచు. ఆ మాట ఇంగ్లిషు మీదుగా వచ్చి మన నోటుపుస్తకాల్లో పక్కన వదిలే జాగా అయింది, బజారులో లాభమైంది. భద్రతా మార్జిన్‌లో మాత్రం పాత అర్థమే నిలిచింది: గిట్టుబాటు అంచుకు ఎంత దూరంలో ఉన్నామని. నెలవారీ అద్దె, జీతాలు 40,000ను 80తో భాగిస్తే గిట్టుబాటు 500 సీసాలు, అంచనా అమ్మకం 600. అంటే నష్టం రాకుండా తగ్గగలిగింది 100 సీసాలే, దాదాపు 17 శాతం. పైగా నెలకు 8,000 అప్పు వడ్డీని లెక్కలో వేయనే లేదు. వేస్తే గిట్టుబాటు 600కు చేరుతుంది, ఆ దూరం సున్నా అవుతుంది.