12 ఏళ్ల లోపు పిల్లలకు కూడదు

అక్కా,

నిమెసులైడ్ బిళ్లల పెట్టెలోని కాగితంలో 'కాంట్రాఇండికేటెడ్' అంటే ఏందని అడిగారు కదా, రాసిస్తున్నాను. ఆ మాట కింద చెప్పినవాళ్లకు ఈ మందు ఇవ్వనే కూడదు. అదే కాగితంలో 'జాగ్రత్త' అని ఉన్న చోట డాక్టరు మోతాదు తగ్గించో, పరీక్షలు చేయించో వాడొచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. లివర్ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు, 12 ఏళ్ల లోపు పిల్లలు ఈ కోవలోకి వస్తారు.

పిల్లల సంగతి మన దేశంలో మొదటినుంచీ ఇలా లేదు. ఈ మందు 1985లో ఇటలీలో అమ్మకానికి వచ్చింది. తర్వాత మన దగ్గరికి వచ్చింది. జ్వరం చప్పున దిగుతుందని పిల్లలకు సిరప్‌గా కూడా తాగించేవాళ్లు. లివర్ దెబ్బతిన్న కేసులు బయటపడటంతో 2002లో ఫిన్లాండ్, స్పెయిన్ దీన్ని ఆపేశాయి. మన కేంద్ర ప్రభుత్వం 2011 ఫిబ్రవరిలో 12 ఏళ్ల లోపు పిల్లలకు నిషేధించింది. పిల్లల జ్వరానికి పారాసిటమాల్ ఉండగా, ఆ ముప్పు తెచ్చుకోవాల్సిన పని లేదు.

మన కర్నూలు, కడప పల్లెల్లో పెద్దోళ్ల బిళ్లను సగం విరిచి పిల్లోడికి వేయడం మామూలే. సగమైతే సగమే ప్రమాదం అనుకుంటారు. అది నిజం కాదు. ఈ మందుతో వచ్చే లివర్ దెబ్బ ఎవరికొస్తుందో ముందుగా తెలియదు. మామూలు మోతాదులోనే కొందరికి వస్తుంది. అందుకే కాగితం 'తక్కువ ఇవ్వండి' అనకుండా 'ఇవ్వద్దు' అంటుంది.

ఇంకో చిక్కుంది. నిమెసులైడ్, పారాసిటమాల్ కలిపిన బిళ్లలు కూడా ఉన్నాయి. పైన కంపెనీ పేరు పెద్దగా, మందుల పేర్లు చిన్నగా ఉంటాయి. షీటు నుంచి రెండు బిళ్లలు కత్తిరించి తీసుకుంటే ఆ పేర్లు అంగట్లోనే మిగిలిపోవచ్చు. పేర్లున్న ముక్కతో సహా అడిగి తీసుకోండి.

మీ మనవడు 16 కిలోలు అన్నారు. పారాసిటమాల్ కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, అంటే వాడికి 160 నుంచి 240. సీసా మీద '5 మి.లీ.లో 250' అని ఉంటే 4 మి.లీ. ఇస్తే 200 అవుతుంది, చాలు. '5 మి.లీ.లో 120' సీసా అయితే 8 మి.లీ. పోయాలి. అందుకే చెంచా లెక్క వద్దు, మూతతో వచ్చే గీతల గ్లాసుతోనో సిరంజితోనో కొలవండి. ఆరు గంటలు ఆగి, జ్వరం ఉంటేనే మళ్లీ ఇవ్వండి. రోజుకు నాలుగుసార్లు దాటొద్దు.

ఇంతకుముందే పిల్లోడికి ఆ సగం బిళ్ల వేసి ఉంటే కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, వాంతులు, అన్నం వద్దనడం కనిపెట్టుకొని ఉండండి. వీటిలో ఏది కనిపించినా ఆ షీటు పట్టుకొని అదే రోజు పెద్దాసుపత్రికి పోండి.