పెచ్చులూడిన పైకప్పుపై ఇంటి యజమానికి అద్దెదారు లేఖ

అద్దె గదిలో పైకప్పు కొంతమేర ఊడిపడినప్పుడు, ఏం జరిగిందో అద్దెకున్నవారు ఇంటి యజమానికి తెలుపుతూ రాసే లేఖ ఇది. మరమ్మతు కోరడానికి, తర్వాత అడ్వాన్సు దగ్గరో సామాను నష్టం దగ్గరో పేచీ వస్తే ఆధారంగా చూపడానికి ఇది పనికొస్తుంది. ఆస్తి బదిలీ చట్టం, 1882 ప్రకారం మరమ్మతు కోరే నోటీసుగా కూడా నిలుస్తుంది.

పైకప్పు ఊడిపడే తీరు

తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో అద్దె వాటాలు ఎక్కువగా కాంక్రీటు స్లాబు ఇళ్లే. వీటిలో పెచ్చులు రెండు రకాలుగా ఊడతాయి. పైపూత సరిగా పట్టక ఊడితే పలుచని సిమెంటు పెచ్చు రాలుతుంది, లోపల స్లాబు గట్టిగానే ఉంటుంది. రెండోది ప్రమాదకరం. డాబా మీది నీరో, పై వాటా బాత్‌రూం నీరో స్లాబులోకి దిగి ఇనుప చువ్వలకు తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఆ ఒత్తిడికి చువ్వల కింది కాంక్రీటు పగిలి రాలుతుంది. అంతకు ముందే చువ్వల వెంబడి సన్నని పగుళ్లు, గోధుమరంగు మరకలు కనిపిస్తాయి. కర్రతో తడితే ఆ చోట డొల్ల శబ్దం వస్తుంది.

అందుకే ఊడినచోట చువ్వలు బయటపడ్డాయా లేదా అన్నది లేఖలో తప్పక ఉండాలి. ఇంజినీరును పిలవాలో, మేస్త్రీ చాలునో యజమాని తేల్చుకునేది దాన్నిబట్టే.

లేఖలోని అంశాలు

తేదీ, సమయం, ఊడిన చోటు, దాని కొలత, గాయాలు, సామాను నష్టం, అంతకు ముందు చెమ్మ గురించి ఎప్పుడు చెప్పారు అన్నవి వరుసగా వస్తాయి. కళ్లారా చూసింది ఒక పేరాలో, కారణం గురించి అనుమానం వేరే పేరాలో ఉండటం మంచిది. ‘పై బాత్‌రూం వల్లే పడింది’ అని రాస్తే, ఆ ఒక్క మాట తప్పని తేలినా మిగతా లేఖను కొట్టిపారేసే వీలు చిక్కుతుంది. పెచ్చులు ఊడ్చేయక ముందే, పక్కన టేపు పెట్టి ఫొటోలు తీయాలి.

ఒక నమూనా

హైదరాబాద్‌లో రెండంతస్తుల ఇంటి కింది వాటాలో ఉంటున్నవారు ఇలా రాయవచ్చు:

> అయ్యా, జులై 12 రాత్రి 11 గంటలప్పుడు పడకగదిలో తూర్పు గోడ పక్కన స్లాబు పెచ్చు ఊడి మంచం మీద పడింది. ఆ సమయంలో గదిలో ఎవరూ లేరు. ఊడినచోటు పొడవు 2 అడుగులు, వెడల్పు 1.5 అడుగులు, మందం దాదాపు అంగుళం. తుప్పు పట్టిన చువ్వలు మూడు కనిపిస్తున్నాయి. మంచం పట్టె విరిగింది. అక్కడ చెమ్మ ఉందని జూన్ 20న మీకు వాట్సాప్‌లో ఫొటో పంపాను.
>
> ఆ గదికి సరిగ్గా పైన బాత్‌రూం ఉంది. నీరు అక్కడి నుంచి దిగుతోందేమోనని నా అనుమానం. గది వాడటం ఆపేశాం. ఒకటి రెండు రోజుల్లో ఇంజినీరుకు చూపించి, మరమ్మతు ఎప్పుడు మొదలవుతుందో రాతపూర్వకంగా తెలపగలరు. మీరు ఎప్పుడు వచ్చినా గది చూపిస్తాను.

ఈ కొలతలతో లెక్కిస్తే ఊడిన కాంక్రీటు బరువు సుమారు 16 కిలోలు. ‘కొంచెం పెచ్చు రాలింది’ అని రాసి ఉంటే ప్రమాదం ఎంతటిదో యజమానికి తెలిసేది కాదు.

చట్టంలో స్థానం

ఒప్పందంలో వేరే షరతు లేకపోతే ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ వర్తిస్తుంది. యజమాని చేయాల్సిన మరమ్మతును నోటీసు తర్వాత తగిన గడువులో చేయకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే ఏ మరమ్మతు యజమాని బాధ్యతో ఈ నిబంధన చెప్పదు. కాబట్టి అద్దె ఒప్పందంలో మరమ్మతుల షరతు ఉంటే దాన్ని లేఖలో ప్రస్తావించాలి. అద్దెదారు చేతల వల్ల పైకప్పు దెబ్బతింటే బాగుచేయించే బాధ్యత వారిదే.

కోపంతో అద్దె ఆపేయడం సాధారణంగా జరిగే పొరపాటు. అద్దె బకాయి ఇల్లు ఖాళీ చేయించడానికి కారణమై, అసలు ఫిర్యాదు పక్కకు పోతుంది.

అందజేయడం

లేఖను స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. చేతికిస్తే రెండో ప్రతి మీద తేదీతో సంతకం తీసుకోవాలి. ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పినా, మరమ్మతుకు తగిన గడువు ఎప్పటి నుంచి లెక్కించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు తేలిగ్గా రుజువయ్యేది ఈ లేఖ అందిన తేదీయే.