కథ ముందా, సంగీతము ముందా?

పాశ్చాత్య సంగీతము వినుటకై రేడియో ముందు కూర్చుండు శ్రోతలకు ఒక అనుభవము తప్పక కలిగియుండును. వాద్యవృందము మ్రోగుటకు ముందు ప్రకటనకర్త నాలుగు మాటలు చెప్పును. మొదట ప్రేమ, తరువాత తుపాను, పిమ్మట పల్లెపట్టు ప్రశాంతి, చివరకు యుద్ధభేరి అని. ఆ మాటలు చెవిలో నుండగనే సంగీతము మొదలగును. మనకు తుపానును, పల్లెపట్టును, యుద్ధభేరియు వరుస తప్పక వినవచ్చును. ఆ నాలుగు మాటలు లేకున్నచో అవి వినవచ్చియుండెడివా?

ఈ సందేహముతోనే మేమొకసారి ముగ్గురు మిత్రులకు పేరు చెప్పక, కథ చెప్పక, ఫ్రాంజ్ లిస్ట్ రచించిన ‘లే ప్రెల్యూద్’ రికార్డును వినిపించితిమి. చివరి భాగము విని ఒకరు పెండ్లి ఊరేగింపనిరి. మరియొకరు సైన్యము కవాతనిరి. మూడవవారు కర్ణాటక సంగీతము నేర్చినవారు. వారు కొంతసేపు కన్నులు మూసికొని, “మొదట వచ్చిన మూడు స్వరములే వేషము మార్చుకొని పదేపదే వచ్చుచున్నవి. కథ సంగతి నాకు తెలియదు” అనిరి. ఒక శతాబ్దముపాటు యూరపు ఖండమున సాగిన వివాదమంతయు ఈ ముగ్గురి మాటలలో ఇమిడియున్నదని మాకు తోచినది.

కథను వెంటబెట్టుకొని వచ్చు వాద్యసంగీతమునకు ప్రోగ్రామ్ సంగీతమని పేరు. ఇచట ప్రోగ్రామ్ అనగా సభలో శ్రోతల చేతికిచ్చు కథాసంగ్రహపు కాగితము. 1830లో పారిస్ నగరమున ఫ్రెంచి సంగీతకర్త బెర్లియోజ్ తన ‘అద్భుత సింఫనీ’కి అట్టి కాగితమునే అచ్చువేయించి పంచెను. అయిదు భాగముల ఆ రచన వెనుక నొక ప్రేమికుని కథయున్నది. అయినను 1855లో ఆ రచనను మరల ప్రకటించునపుడు, దానిని ఒంటిగా వాయించు సభలలో కాగితము పంచకున్నను ఫరవాలేదు, భాగముల పేర్లు చాలునని ఆయనయే వ్రాసెను. కాగితము తీసివేసినను నిలుచు రచనకు కాగితమెందులకని అడుగువారికి ఆయన మంచి ఆయుధమునే అందించినాడు.

బెర్లియోజ్ కంటె ఒక అడుగు ముందుకు వేసినవాడు లిస్ట్. ఆయన 1848 మొదలు జర్మనీలోని వైమార్ పట్టణమున ఆస్థాన సంగీత నిర్వాహకుడుగా నుండి, ఆ కాలముననే ఒకే భాగముగా సాగు వాద్యవృంద రచనలను పండ్రెండింటిని సిద్ధపరచెను. వీనికి ఆయన పెట్టిన పేరు ‘సింఫనీ కావ్యము’. పదమూడవది వార్ధక్యమున వ్రాసినది. సింఫనీకి నాలుగు భాగములు, ప్రతి భాగమునకు పూర్వులు ఏర్పరచిన ఒక అచ్చు ఉండును. క్రొత్త భావము పాత అచ్చులో ఇముడదు, కావున కావ్యవస్తువే సంగీతపు ఆకృతిని నిర్ణయింపవలెనని లిస్ట్ వాదము. ఒక బాణీ ఎప్పుడు మరలి రావలెను, ఏ రూపమున రావలెను అనునది కథ చెప్పవలెను గాని వ్యాకరణము చెప్పరాదని 1855లో బెర్లియోజ్‌ను గూర్చి వ్రాసిన వ్యాసమున ఆయన సమర్థించెను.

ఇపుడు ‘లే ప్రెల్యూద్’నే పరీక్షింతము. దీని మూలధాతువు మూడు స్వరములు. మన సంకేతములలో చెప్పవలెనన్న స, ని, గ: షడ్జమునుండి అరమెట్టు దిగి కాకలి నిషాదము, అచటినుండి ఎగసి అంతర గాంధారము. ఆరంభమున తంత్రీవాద్యములు వీనిని ప్రశ్నించుచున్నట్లు మెల్లగా పలుకును. కొంతసేపటికి అవే స్వరములు ఇత్తడి వాద్యములలో గంభీరమైన తూర్యనాదమగును. పిమ్మట అవే కరగి ఒక లాలిత్యమైన పాటయగును. దాని వెంట హార్న్‌లు, వయోలాలు మరియొక ప్రేమగీతమును ఎత్తుకొనును. తుపాను వచ్చును, పోవును. పల్లెపట్టు ప్రశాంతి నెలకొనును. చివరకు ప్రేమగీతములే బాకాలతో, నగారాలతో యుద్ధగమనముగా మారి, మొదటి తూర్యనాదముతో రచన ముగియును. మొత్తము పావుగంట.

ముద్రితప్రతిలోని పీఠిక ప్రకారము ఇది ఫ్రెంచి కవి లామార్తిన్ వ్రాసిన ఖండకావ్యము ననుసరించినది. మానవ జీవితము మరణమునకు ముందు మ్రోగు ఉపక్రమముల వరుస వంటిదని దాని సారాంశము. ప్రేమ, తుపాను, పల్లె, యుద్ధము అను వరుస అందులోనిదే. అంతయు చక్కగా కుదిరినట్లున్నది. కాని వ్రాతప్రతులు మరియొక కథ చెప్పుచున్నవి.

1844, 45 సంవత్సరములలో లిస్ట్ మర్సేయి కవి జోజెఫ్ ఒత్రాన్ గేయములకు నాలుగు పురుష బృందగానములు కూర్చెను. వాని పేరు ‘నాలుగు భూతములు’. విషయములు భూమి, ఉత్తరపు గాలులు, అలలు, నక్షత్రములు. వానికి ముందు వాయించుటకై ఆ గానముల బాణీలనే తీసికొని వాద్యవృందమున కొక ప్రారంభరచన సిద్ధపరచెను. బృందగానములు వెలుగు చూడలేదు. ప్రారంభరచన మాత్రము చేతిలో మిగిలినది. దానిని దిద్ది, పెంచి, లామార్తిన్ కావ్యపు పేరు పెట్టి 1854 ఫిబ్రవరి 23న వైమార్‌లో వినిపించెను. అనగా ‘జీవితపు తుపాను’ అని మనము విను భాగము పుట్టినపుడు జీవితమును గాదు, మర్సేయి తీరపు గాలిని, కెరటములను పలికిన బాణీల బంధువర్గములోనిది. పీఠికయు లామార్తిన్ మాటలు కాదు; లిస్ట్ సహచరి, రాకుమారి కరోలిన్ చేయి దానిలో నున్నది. ఈ సంగతులను వెలికి తీసినవారిలో ముఖ్యుడు వైమార్ పండితుడు పీటర్ రాబె. దిద్దుబాటు సమయమున లిస్ట్ లామార్తిన్ కావ్యమును మనసులో నుంచుకొనియే వరుసను సవరించెనని వాదించు పండితులును లేకపోలేదు. అది నిజమైనను, కథ వచ్చుసరికి బాణీలు పుట్టియుండెననుట మాత్రము నిలుచును.

ఈ రచనకు మూడవ కథయు తగిలినది. అది రేడియో చరిత్రలోనిది గనుక చెప్పక తప్పదు. 1941 జూన్‌లో జర్మనీ సోవియట్ రష్యాపై దండెత్తిన పిమ్మట, ఆ యుద్ధరంగపు విజయవార్తలకు ముందు జర్మన్ రేడియో మ్రోగించిన తూర్యనాదము ‘లే ప్రెల్యూద్’ లోనిదే. భూతములకు కూర్చినది, జీవితమున కన్వయింపబడినది, తుదకు దండయాత్రకు గంటయైనది. స్వరము ఒక్కటియు మారలేదు.

‘లే ప్రెల్యూద్’ తొలిసారి మ్రోగిన 1854లోనే ఎడువార్డ్ హాన్స్‌లిక్ అను వియన్నా విమర్శకుడు సంగీత సౌందర్యమును గూర్చి చిన్న గ్రంథము ప్రకటించెను. నాదముల కదలికచే ఏర్పడు ఆకృతియే సంగీతమునకు వస్తువు, కథలు దానికి వెలుపలివి అని ఆయన సిద్ధాంతము. పై చరిత్ర తెలిసిన పిదప, ఈ ఒక్క రచన విషయమున తీర్పు ఆయన పక్షమునకే మొగ్గునని మేము ఒప్పుకొందుము. మా మిత్రులలో మూడవవారు విన్నదే అందులో నిజముగా నున్నది.

అయిన నింతటితో వివాదము తీరదు. కథ వెనుక వచ్చిన రచనను చూచితిమి. కథ ముందు వచ్చిన రచనను చూడవలదా? 1897లో పాల్ ద్యుకా అను ఫ్రెంచివాడు గోథే నూరేండ్ల క్రిందట వ్రాసిన ‘మాంత్రికుని శిష్యుడు’ అను గేయకథకు వాద్యవృంద రచన చేసెను. గురువు లేని సమయమున శిష్యుడు మంత్రము వేసి చీపురుచే నీళ్లు మోయించును. ఆపు మంత్రము మరచిపోవును. ఇల్లు వరదయగుచుండ గొడ్డలితో చీపురును నరకును. రెండు ముక్కలును లేచి నీళ్లు మోయ మొదలిడును! గురువు వచ్చి శాంతింపజేయును. ద్యుకా రచనలో, బసూన్‌లు ఎత్తుకొన్న చీపురు బాణీ పెరిగి పెరిగి గొడ్డలి దెబ్బతో తెగి ఆగును. నిశ్శబ్దములో మంద్రమైన కాంట్రబసూన్ తడబడుచు లేచును. దాని వెంట అదే బాణీని మరియొక వాద్యము ఎత్తుకొని తరుముకొని వచ్చును. ఒకే బాణీని రెండు గొంతులు వెంటవెంట పలుకుట సంగీతమున పాత పద్ధతియే. కాని ఆ చోటనే, అంత హఠాత్తుగా, నడచుచున్న రచనను నరికి మరల మొలిపించుటకు కథ తప్ప వేరు కారణము కనబడదు.

అయితే ఒక మాట. గోథే కథలోనే మంత్రము, దాని పునరుక్తి, చివరకు గురువు రాకతో మొదటి ప్రశాంతి ఉన్నవి. మన కృతిలో పల్లవి మరలి వచ్చినట్లు, సంగీతము బ్రతుకుటకు ఏదో ఒకటి మరలి రావలెను. కథ మరలి రాదు. అది ముందుకే పోవును. మరలి వచ్చు గుణమున్న కథనే ద్యుకా ఏరుకొన్నాడు. కావున కథ ఆకృతిని సృష్టించుననుట మాకు సమ్మతము కాదు. ఆకృతిలో ఎచట విరుపు రావలెను, మరలి వచ్చునది ఏ ముఖముతో రావలెను అనునది మాత్రము కథ నిర్ణయింపగలదు. అంత అధికారమైనను హాన్స్‌లిక్ దానికి ఈయడు. అక్కడ మేము ఆయనతో విభేదింతుము.

మరలి రాని కథను ఎత్తుకొన్న సంగీతకర్తకు ఏమి గతి పట్టునో రిచర్డ్ స్ట్రౌస్ రచన తెలుపును. 1895 నవంబరులో కొలోన్ నగరమున తొలిసారి వినిపించిన ‘టిల్ ఆయిలెన్‌ష్పీగెల్’ జర్మన్ జానపద కొంటెవాని చేష్టల కథ. కథాసంగ్రహము పంపుమని నిర్వాహకుడు వ్యుల్నర్ కోరగా స్ట్రౌస్ ఈయక, టిల్‌కు చెందిన రెండు బాణీలను మాత్రము చూపెను. పేరులో మాత్రము ఇది ‘రాండో’ రూపమున నున్నదని ప్రకటించెను. రాండో అనగా పల్లవి వంటి బాణీ మధ్యమధ్య మారక మరలి వచ్చు రూపము. కాని ఇందలి టిల్ బాణీ చాలవరకు వేషము మార్చుకొనియే వచ్చును. సంతలో కుండలు పగులగొట్టి వచ్చినవాడు, మతగురువు వేషము వేసినవాడు, ప్రేమలో భంగపడినవాడు ఒకే ముఖముతో ఎట్లు వచ్చును?

ఇట్టివాని కథకు ముగింపు ఎట్లు? స్ట్రౌస్ అతనిని న్యాయస్థానమున నిలిపి ఉరితీసెను. బరువైన వాద్యములు ఒక్క పెద్ద దూకుతో క్రిందికి పడును. క్లారినెట్ కీచుమని మూగవోవును. వెంటనే, ఏమియు జరుగనట్లు, ఆరంభమున “అనగా అనగా” అన్నట్లు విన్న మెత్తని పలుకు మరలి వచ్చును. పల్లవికి ఉరిత్రాడు అడ్డు రాలేదు. ఇందులో ఒక చిత్రమున్నది. పాత జానపద గ్రంథములో టిల్‌ను ఎవ్వరును ఉరితీయలేదు. అతడు మోల్న్ అను ఊరిలో రోగియై మంచముననే మరణించెను. ఆ మరణములో సంగీతమునకు కావలసిన విరుపు లేదు కాబోలు. కథలో త్రాడు మాత్రమున్నది: శవపేటికను గోతిలోనికి దించుచుండగా కాళ్లవైపు త్రాడు తెగి పేటిక నిలువుగా జారినదట. ఊరివారు అతనిని అట్లే నిలువుగానే పూడ్చిరట.