ఇంటి నిర్మాణ వ్యయ అంచనా (చదరపు అడుగు లెక్క)

కొత్త ఇల్లు కట్టడానికి అయ్యే మొత్తం ఖర్చును ఇంటి విస్తీర్ణంతో భాగించగా వచ్చే మొత్తాన్ని '''చదరపు అడుగు నిర్మాణ వ్యయం''' అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో పుంగనూరు శాసనసభ నియోజకవర్గానికి చెందిన సోమల మండలం వంటి గ్రామీణ ప్రాంతాలలోను, మదనపల్లె, కుప్పం వంటి పట్టణాలలోను మేస్త్రీలు, గుత్తేదారులు సాధారణంగా ఈ లెక్కనే ధర చెబుతారు. ఒకే ఇంటికి ఇద్దరు చెప్పే ధరలు వేరుగా ఉండటానికి ప్రధాన కారణాలు రెండు. విస్తీర్ణాన్ని దేనిని బట్టి కొలిచారన్నది ఒకటి, ధరలో ఏ పనులు చేరాయన్నది మరొకటి.

విస్తీర్ణం

ఇంటి విస్తీర్ణాన్ని మూడు విధాలుగా కొలుస్తారు. గోడల మధ్య ఉన్న నేలను మాత్రమే కొలిస్తే అది లోపలి విస్తీర్ణం. బయటి గోడల వెలుపలి అంచుల వరకు కొలిస్తే అది పునాది విస్తీర్ణం. వరండా పైకప్పు, ముందుకు వచ్చిన అంచులతో సహా పైకప్పును కొలిస్తే అది శ్లాబు విస్తీర్ణం. ఈ మూడింటిలో లోపలి విస్తీర్ణం అన్నిటికంటె చిన్నది, శ్లాబు విస్తీర్ణం అన్నిటికంటె పెద్దది. గుత్తేదారు శ్లాబు విస్తీర్ణానికి ధర చెప్పగా యజమాని దానిని పునాది విస్తీర్ణంగా భావిస్తే, చివరి లెక్కలో వివాదం తప్పదు. కొందరు మేస్త్రీలు 100 చదరపు అడుగులను ఒక చదరంగా లెక్కించి ధర చెబుతారు. కనుక ఒప్పందంలో కొలత పద్ధతిని, మొత్తం చదరపు అడుగులను అంకెలలో వ్రాసుకోవాలి.

సామగ్రి పరిమాణాలు

ధరలు తరచు మారుతుంటాయి. పరిమాణాలు అంతగా మారవు. అందువలన అంచనాను ముందు పరిమాణాలలో వేసి, తరువాత నాటి స్థానిక ధరతో హెచ్చించడం మంచిది. ఒక అంతస్తు కాంక్రీటు ఇంటికి చదరపు అడుగుకు సుమారు 0.4 నుండి 0.45 బస్తాల సిమెంటు, 3.5 నుండి 4 కిలోల ఇనుము అవసరమవుతాయి. అంటే 1,000 చదరపు అడుగుల ఇంటికి 400 నుండి 450 బస్తాల సిమెంటు, మూడున్నర నుండి నాలుగు టన్నుల ఇనుము కావాలి. పునాది లోతు, గదుల వెడల్పు, పైన మరో అంతస్తు వేసే ఆలోచనను బట్టి ఈ అంకెలు మారతాయి.

పాత అంచనాలను తిరిగి వాడేటప్పుడు పన్నుల మార్పును గమనించాలి. సిమెంటుపై వస్తు సేవల పన్నును 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతం నుండి 18 శాతానికి తగ్గించారు. 2024 జూలై నుండి ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత ఇసుక విధానం అమలులోకి వచ్చింది. అయినప్పటికీ త్రవ్వకం, ఎగుమతి, రవాణా ఖర్చులు కొనుగోలుదారుపైనే పడతాయి. ఇసుక రేవుకు దూరంగా ఉన్న ఊరిలో రవాణాయే ఇసుక ధరను నిర్ణయిస్తుంది.

ఇనుము తూకాన్ని యజమాని స్వయంగా సరిచూడవచ్చు. ఒక మీటరు కడ్డీ బరువు కిలోలలో d²/162 అవుతుంది. ఇందులో d అనేది మిల్లీమీటర్లలో కడ్డీ వ్యాసం. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు 0.89 కిలోలు, 12 మీటర్ల పూర్తి కడ్డీ సుమారు 10.7 కిలోలు తూగాలి. తూకంలో స్వల్ప తేడా సహజం. చాలా తక్కువగా తూగితే కడ్డీ చెప్పినదాని కంటె సన్ననిదని గ్రహించాలి.

ఉదాహరణ

సోమలలో సొంత స్థలంలో 1,000 చదరపు అడుగుల పునాది విస్తీర్ణంతో ఒక అంతస్తు ఇల్లు కడుతున్నారని అనుకుందాం. దీని శ్లాబు విస్తీర్ణం 1,120 చదరపు అడుగులు. సామగ్రి, కూలి కలిపి గుత్తేదారు చదరపు అడుగుకు రూ.1,600 చెప్పాడు. ఇక్కడి ధరలన్నీ లెక్క చూపడానికి ఊహించినవే.

పునాది విస్తీర్ణం ప్రకారం ఒప్పందం విలువ రూ.16,00,000. శ్లాబు విస్తీర్ణం ప్రకారం అదే ధరకు రూ.17,92,000. కేవలం కొలత పద్ధతి వలన వచ్చిన తేడా రూ.1,92,000.

గుత్తేదారు ధరలో సాధారణంగా చేరని పనులు కొన్ని ఉంటాయి. బోరు, మోటారుకు రూ.1,50,000, నీటి తొట్టి, మరుగుదొడ్డి గుంతకు రూ.1,20,000, ప్రహరీ గోడ, గేటుకు రూ.1,80,000, ప్లాను, అనుమతులు, విద్యుత్ కనెక్షనుకు రూ.50,000 అనుకుంటే వీటి మొత్తం రూ.5,00,000. పునాది విస్తీర్ణం ఒప్పందానికి వీటిని కలిపితే ఇంటి ఖర్చు రూ.21,00,000. అంటే చదరపు అడుగుకు రూ.1,600 అనుకున్నది నిజానికి రూ.2,100 అవుతుంది. రెండు ధరలను పోల్చే ముందు రెండింటిలోను ఒకే పనులు చేరాయో లేదో చూడాలి.

అనుమతులు

గ్రామంలో ఇంటి ప్లానుకు గ్రామ పంచాయతీ నుండి, పట్టణంలో పురపాలక సంఘం నుండి అనుమతి పొందాలి. ఊరు పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉంటే ఆ సంస్థ నిబంధనలు కూడా వర్తిస్తాయి. స్థలం వ్యవసాయ భూమిగా నమోదై ఉన్నా, అనుమతి లేని లేఅవుటులో ఉన్నా అదనపు రుసుములు పడతాయి. ఇవి ఇంటి విస్తీర్ణం మీద కాక స్థలం మీద ఆధారపడతాయి కనుక చదరపు అడుగు ధరలో ఇమడవు. అనుమతి రాకముందే పునాది త్రవ్వితే, హద్దుల నుండి వదలవలసిన ఖాళీ తగ్గిందని తేలినప్పుడు కట్టిన గోడను తొలగించవలసి రావచ్చు.

దశలవారీ చెల్లింపులు

చెల్లింపు పూర్తయిన పని విలువను మించకూడదన్నది దీని మూలసూత్రం. రూ.16,00,000 ఒప్పందానికి ఒక పద్ధతి ఇలా ఉంటుంది:

* బయానా: 5 శాతం
* పునాది, బేస్‌మట్టం పూర్తయ్యాక: 15 శాతం
* గోడలు దర్వాజా పైమట్టానికి చేరాక: 15 శాతం
* శ్లాబు వేశాక: 20 శాతం
* గోడల పూత పూర్తయ్యాక: 15 శాతం
* నేల, తలుపులు, విద్యుత్, నీటి గొట్టాల పనులు ముగిశాక: 20 శాతం
* రంగులు వేశాక: 5 శాతం
* అప్పగించిన కొన్ని నెలల తరువాత, కారుడు లేదని తేలాక: 5 శాతం

దీని ప్రకారం శ్లాబు వేసేనాటికి చెల్లించినది 55 శాతం, అంటే రూ.8,80,000. అదే గుత్తేదారు కోరినట్లు అప్పటికే 80 శాతం ఇచ్చి ఉంటే రూ.12,80,000 చేతులు మారినట్లు. పని అక్కడ ఆగిపోతే యజమాని రూ.4,00,000 పోగొట్టుకోవడమే కాక, మిగిలిన పనిని మరొకరితో చేయించడానికి డబ్బు లేక ఇల్లు మొండిగోడలతో నిలిచిపోతుంది. పైకప్పు ఉండి పూత, తలుపులు లేక ఏళ్ళ తరబడి ఆగిన ఇళ్ళకు తరచు ఇదే కారణం.

బ్యాంకులు గృహ ఋణాన్ని కూడా ఇదే విధంగా దశలవారీగా విడుదల చేస్తాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ పేదల ఇళ్ళకు ఇచ్చే సహాయం బేస్‌మట్టం, పైకప్పు మట్టం, శ్లాబు, పూర్తి అనే దశల ప్రకారం అందుతుంది. 2020 తరువాతి పథకంలో 340 చదరపు అడుగుల ఇంటికి రూ.1,80,000 సహాయంగా నిర్ణయించారు. ఇది చదరపు అడుగుకు సుమారు రూ.529. ఇది సహాయం మాత్రమే గాని నిర్మాణ వ్యయం కాదు. మిగిలిన మొత్తాన్ని ముందే సమకూర్చుకోని లబ్ధిదారుల ఇళ్ళు బేస్‌మట్టం వద్దనే ఆగే ప్రమాదం ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* సిమెంటు
* ఇటుక
* పునాది