బిట్‌లాకర్ రికవరీ కీ తెర

బిట్‌లాకర్‌తో డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసిన కంప్యూటర్‌లో ఫర్మ్‌వేరో హార్డ్‌వేరో మారినప్పుడు, విండోస్ తెరుచుకోకముందే 48 అంకెల కీ అడుగుతూ వచ్చే తెర ఇది. బిట్‌లాకర్ 2007లో విండోస్ విస్టాతో మార్కెట్లోకి వచ్చింది. ఈ తెర అప్పటినుంచీ ఉంది.

దీనికి మూలం మదర్‌బోర్డుపై ఉండే టీపీఎం అనే భద్రతా చిప్. కంప్యూటర్ ఆన్ కాగానే ఫర్మ్‌వేర్, ఆ తర్వాత బూట్ మేనేజర్ వంటి భాగాలు, తాము నడవకముందే వరుసగా హ్యాష్ రూపంలో ఆ చిప్‌లోని పీసీఆర్ అనే రిజిస్టర్లలో నమోదవుతాయి. డిస్కు తాళంచెవిని విప్పే కీని చిప్ ఆ విలువలకు ముడిపెట్టి దాస్తుంది. విలువలు ముడిపెట్టిన నాటి వాటితో సరిపోలితేనే దాన్ని బయటికిస్తుంది. మార్పు దొంగ చేశాడా, తయారీదారు ఇచ్చిన అప్‌డేట్ వల్ల జరిగిందా అన్నది చిప్‌కు తెలియదు.

తొలినాళ్లలో ఇదే పెద్ద చిక్కు. పాత పద్ధతిలో బయోస్ కోడ్ హ్యాష్ పీసీఆర్ 0లో చేరేది కాబట్టి, బయోస్‌ను అప్‌డేట్ చేస్తే చాలు, ఈ తెర వచ్చేది. 2012లో విండోస్ 8తో సెక్యూర్ బూట్ వచ్చాక, అది ఆన్‌లో ఉన్న యంత్రాల్లో బిట్‌లాకర్ ప్రధానంగా పీసీఆర్ 7, 11లను చూస్తుంది. పీసీఆర్ 7లో ఉండేది ఫర్మ్‌వేర్ కోడ్ కాదు, సెక్యూర్ బూట్ స్థితి, సంతకాలను తనిఖీ చేసే సర్టిఫికెట్ల వివరం. అందువల్ల మామూలు అప్‌డేట్లను అది ఓర్చుకుంటుంది. సెక్యూర్ బూట్‌ను ఆపినా, టీపీఎంను క్లియర్ చేసినా మాత్రం తెర తప్పదు.

మదర్‌బోర్డు మార్చిన ల్యాప్‌టాప్‌ను చూస్తే విషయం స్పష్టమవుతుంది. డిస్కు పాతదే, చెక్కుచెదరలేదు. కానీ దాని కీ పాత బోర్డు చిప్‌తోనే పోయింది. ఇక దారి రికవరీ కీ ఒక్కటే. తెరపై కనిపించే కీ ఐడీని, మైక్రోసాఫ్ట్ ఖాతాలోనో ఆఫీసు డైరెక్టరీలోనో దాచిన కీల ఐడీలతో పోల్చి సరైనదాన్ని ఎంచుకోవాలి. 48 అంకెలు ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులుగా ఉంటాయి. ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగించబడుతుంది. అందుకే ఒక అంకె తప్పు కొడితే ఏ గుంపులో తప్పిందో అక్కడికక్కడే తెలుస్తుంది. లోపలికి వెళ్లాక రక్షణను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే కీ కొత్త చిప్‌కు ముడిపడుతుంది; లేకుంటే ప్రతి బూట్‌కూ అదే తెర వస్తుంది.

మార్పు ముందే తెలిస్తే అడ్మినిస్ట్రేటర్ హక్కులతో ఈ ఆదేశం ఇవ్వడం మేలు:

```
manage-bde -protectors -disable C:
```

ఇది డిస్కును డీక్రిప్ట్ చేయదు; కీని తాత్కాలికంగా డిస్కుపైనే బహిరంగంగా ఉంచుతుంది. మామూలుగా తర్వాతి రీస్టార్ట్‌తో రక్షణ మళ్లీ మొదలవుతుంది. అప్‌డేట్ మధ్యలో రెండుసార్లు రీస్టార్ట్ అయ్యే పక్షంలో చివర `-rc 2` చేర్చాలి.

విండోస్ 8.1 నుంచి అర్హమైన యంత్రాల్లో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలై కీ ఆ ఖాతాలో చేరుతోంది. తన డిస్కుకు తాళం పడిందని కూడా ఎరగని వాడుకరి ఈ తెరను చూసి కంగారుపడటం అప్పటినుంచే ఎక్కువైంది. 2024 జులైలో ఒక విండోస్ భద్రతా అప్‌డేట్ తర్వాత కొన్ని యంత్రాల్లో హార్డ్‌వేర్‌లో ఏ మార్పూ లేకుండానే ఈ తెర వచ్చింది. ఆగస్టు అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ దాన్ని సరిదిద్దింది. ఎక్కడా కీ దాచి ఉండకపోతే మైక్రోసాఫ్ట్ కూడా దాన్ని తిరిగి తయారుచేయలేదు. డిస్కును చెరిపి విండోస్‌ను కొత్తగా ఎక్కించుకోవాల్సిందే.